పీడీఎఫ్ ఇచ్చిన ప్రొఫెసర్‌ను పీపీటీ ఫైళ్లు అడగడం సబబేనా?

బెంగళూరు ఎం.ఏ. విద్యార్థి: నాకు చూపు చాలా తక్కువ, ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తేనే చదువుకోగలను. మా ఎకనమెట్రిక్స్ ప్రొఫెసర్ గారు స్లైడులను పీడీఎఫ్‌లుగా పెడుతున్నారు. ఆయనకు ఈ ఉత్తరం రాసుకున్నాను, ఇంకా పంపలేదు: “గౌరవనీయులైన సార్, మీ స్లైడులను నాకు అనువైన రూపంలోకి మార్చుకోవడానికి ఈ సెమిస్టరు `.pptx` ఫైళ్లన్నీ దయచేసి పంపగలరు.” ఇలా అడగడం అతి అవుతుందా?

జయనగర్ లెక్చరర్: నేనైతే ఇవ్వను. పీడీఎఫ్‌లో అక్షరాలన్నీ ఉన్నాయి కదా, చదివే సాఫ్ట్‌వేర్‌కు అవి చాలవా? నా స్లైడుల కింద నోట్స్‌లో పరీక్షకు అనుకున్న ప్రశ్నలు కూడా ఉంటాయి. పైగా ఒక బ్యాచ్‌కు నమ్మి ఇచ్చిన ఫైలు, మరుసటి ఏడాది ఇంకొకరి పేరుతో నాకే తిరిగి వచ్చింది.

న్యాయవిద్య పూర్వ విద్యార్థి: బతిమాలవలసిన పని లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది, 2012లో సవరించిన కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ ఉంది. ఆయన ఇచ్చి తీరాలి, కాబట్టి ఉత్తరం బదులు నోటీసు పంపండి.

చెన్నై, పాఠ్యసామగ్రి తయారీ: పై మాటలో సగమే నిజం. 52వ సెక్షన్ దివ్యాంగుల కోసం రచనను అనువైన రూపంలోకి మార్చుకోనిస్తుంది. అంతేగాని మూల ఫైలు ఇచ్చి తీరాలని ఎవరినీ కట్టడి చేయదు. తగిన వెసులుబాటు కల్పించే బాధ్యతను 2016 చట్టం విద్యాసంస్థ మీద పెట్టింది, కానీ ఆ వెసులుబాటు `.pptx` రూపంలోనే ఉండాలని అందులో ఎక్కడా లేదు. అందుకే ఉత్తరంలో చట్టం కన్నా అవసరమే ముందుండాలి.

లెక్చరర్ గారి ప్రశ్నకు మీ సబ్జెక్టులోనే జవాబుంది. స్లైడులో ఈ సూత్రం ఉందనుకోండి:

```
β̂ = (X′X)⁻¹X′y
```

పీడీఎఫ్‌లో పైన చిన్నగా ఉన్న −1 సాధారణంగా మామూలు లైనులోకి దిగిపోయి, “ఎక్స్ ఎక్స్ మైనస్ ఒకటి ఎక్స్ వై” అన్నట్టు వినిపిస్తుంది. విలోమం కాస్తా తీసివేత అవుతుంది, విన్న విద్యార్థికి తప్పు విన్నానన్న అనుమానం కూడా రాదు. అదే సమీకరణం పీపీటీలో ఈక్వేషన్‌గా టైపు చేసి ఉంటే, దాన్ని వర్డ్‌లోకి తెచ్చుకున్నప్పుడు గణితాన్ని చదివి వినిపించే మ్యాథ్‌క్యాట్ ఉన్న ఎన్‌వీడీఏ ఆ −1ను ఘాతంగానే చదువుతుంది. అయితే ప్రొఫెసర్ గారు సమీకరణాన్ని బొమ్మగా అతికించి ఉంటే పీపీటీ వచ్చినా ఒరిగేదేమీ లేదు. దాని మీద నొక్కినప్పుడు పైన `Picture Format` కనబడితే అది బొమ్మే. ఆయన స్లైడులను లేటెక్‌లో తయారుచేసే బీమర్ వాడేవారైతే మీరు అడగవలసింది `.tex` ఫైలు, దానికి ఉత్తరంలో చోటు ఉంచండి.

మైలాపూర్ తల్లి: మా అబ్బాయి జ్వరంతో రెండు వారాలు క్లాసులకు వెళ్లలేదు. స్నేహితులు ఫోనులో తీసిన స్లైడుల ఫోటోలతోనే గట్టెక్కాడు. మీరూ అలా చేయవచ్చు కదా బాబూ?

విద్యార్థి: మీ అభిమానానికి కృతజ్ఞతలు అమ్మా, కానీ ఫోటో నాకు పీడీఎఫ్ కన్నా కష్టం.

జయనగర్ లెక్చరర్: ఆ మైనస్ ఒకటి సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. మరి నా నోట్స్ మాటేమిటి?

చెన్నై, పాఠ్యసామగ్రి తయారీ: ముందు ఫైలుకు కాపీ తీసి, ఆ కాపీలో `Inspect Document` నడిపి, నోట్స్, కామెంట్ల పక్కన `Remove All` నొక్కితే అవి పోతాయి. దాచి ఉంచిన స్లైడులను మాత్రం చేత్తో తీసేయాలి. అసలు భయపడవలసింది గ్రాఫుల గురించి. ఎక్సెల్ నుంచి గ్రాఫును అతికించేటప్పుడు ఒక్కోసారి వర్క్‌బుక్ మొత్తం ఫైలులోకి వచ్చేస్తుంది. అదే వర్క్‌బుక్ వేరే షీటులో విద్యార్థుల మార్కులుంటే అవీ బయటికి వెళ్తాయి. గ్రాఫును బొమ్మగా మార్చి ఇస్తే ఆ ప్రమాదం ఉండదు.

జయనగర్ లెక్చరర్: కానీ బొమ్మను ఈ అబ్బాయి చదవలేడు. దాని పక్కన వివరణ ఎవరు రాయాలి? చుక్కల గ్రాఫులో వ్యత్యాసం గరాటులా విచ్చుకుంటోందని నేనే రాసిస్తే, విద్యార్థి గుర్తుపట్టవలసిన విషయాన్ని నేనే చెప్పేసినట్టు కాదా?

చెన్నై, పాఠ్యసామగ్రి తయారీ: కష్టమైన ప్రశ్నే. నేనైతే చుక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో అంకెల పట్టికగా ఇచ్చి ఊరుకుంటాను, కానీ 200 చుక్కలుంటే అది పట్టికలా కాక శిక్షలా ఉంటుంది.

విద్యార్థి: ఉత్తరం మార్చి ఈ ఉదయమే పంపాను: “సార్, మీ నాలుగో పాఠం పీడీఎఫ్‌లో (X′X)⁻¹ నాకు తీసివేతలా వినిపిస్తోంది. ముందుగా ఆ ఒక్క పాఠం ఫైలును, మీరు ఏది వాడితే అది, `.pptx` గానీ `.tex` గానీ, నోట్స్ తీసేసి వీలైతే శుక్రవారంలోగా పంపగలరా? దాన్ని నా చదువుకే వాడుకుంటాను, ఎవరికీ పంపను. మార్చుకున్న ప్రతిని మీకు చూపిస్తాను. అది పనికొస్తే మిగతా పాఠాల గురించి మాట్లాడుకుందాం.” గ్రాఫుల సంగతి ఇందులో ఎత్తలేదు, వాటికి ఏమని అడగాలో నాకూ తోచలేదు.