180 మీటర్ల దూరంలోని మోటారుకు 2.5 వైరు చాలదా?

తోటబావి: ఇంటి మీటరు నుంచి బావి దాకా 180 మీటర్లు. ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారుకు 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగాం. పగలు తిరుగుతుంది, సాయంత్రం గుయ్‌మని మూలుగుతుంది తప్ప ఎత్తుకోదు. బావి దగ్గర 225 వోల్టులు వస్తోంది. వైరు మార్చాలా?

వైరింగ్ మేస్త్రి: అనవసర ఖర్చు పెట్టుకోకండి. మోటారు లాగేది 7 ఆంపియర్లు, ఆ వైరు 20 దాకా మోస్తుంది. పట్టుకు చూడండి, వెచ్చగా కూడా ఉండదు. కెపాసిటర్ మార్చండి చాలు.

పాత లైన్‌మన్: కెపాసిటర్ చూడమనడం మంచి మాటే మేస్త్రిగారూ. కానీ వైరు కాలకపోవడం వేరు, వోల్టేజి చివరిదాకా అందడం వేరు. కరెంటు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి లెక్క 360 మీటర్లకు. 2.5 రాగికి కిలోమీటరుకు సుమారు 7.4 ఓములు, ఇక్కడ 2.67. 7 ఆంపియర్లకు దాదాపు 19 వోల్టులు దారిలోనే పోతాయి. ఆ 130 వాట్లు 360 మీటర్ల పొడవునా పరుచుకుంటే చేతికి వేడి ఎలా తెలుస్తుంది?

తోటబావి గారూ, మీ 225 మోటారు ఆపి చూసిందేమో. కరెంటు పారకపోతే వైరులో ఏమీ పోదు. స్టార్టింగులో మోటారు నాలుగైదు రెట్లు లాగుతుంది. సాయంత్రం మీటరు దగ్గరే 210 ఉంటే ఆ క్షణంలో మోటారుకు 160–170 అందుతుంది. వోల్టేజి అంత పడితే తిప్పే బలం సగానికి వస్తుంది. అందుకే ఆ మూలుగు.

మామిడి రైతు: మాది 5 హెచ్‌పీ, 300 మీటర్లు, 4 వైరు. ఎనిమిదేళ్లుగా తిరుగుతోంది. మీకు 4 చాలు.

పాత లైన్‌మన్: అన్నా, మీది త్రీ ఫేజ్ అయ్యుండాలి, 415 మీద నడిచేది. ఆ లెక్క ఇక్కడికి రాదు. ఇక్కడ 6 రాగి వేస్తే నడిచేటప్పుడు 8 వోల్టులే పోతాయి. 10 అల్యూమినియం వేసినా అంతే, ధర బాగా తక్కువ.

వైరింగ్ మేస్త్రి: అల్యూమినియం నేను ఒప్పుకోను. స్క్రూ కింద నలిగి వదులవుతుంది, ఏడాదికి జాయింటు మాడుతుంది. నా చేత్తో ఎన్ని కోశానో.

పాత లైన్‌మన్: లగ్గు వేసి గట్టిగా ప్రెస్ చేయిస్తే నిలబడుతుంది. పొలంలో రాగి వైరు కోసుకుపోయేవాళ్ల భయమూ ఉండదు.

తోటబావి: ఇప్పుడే మోటారు నడుస్తుండగా చూశాం. మీటరు దగ్గర 221, బావి దగ్గర 201. కానీ నిన్న సాయంత్రం మోటారు ఆపినా మీటరు దగ్గర 208 ఉంది.

పాత లైన్‌మన్: ఆ 20 వోల్టులు పోయేది మీ వైరులోనే, అది మార్చుకోవచ్చు. ఆ 208 మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ వైపు సంగతి, ఎంత లావు వైరు వేసినా పెరగదు. 6 రాగితో సాయంత్రం ఎత్తుకుంటుందని నా నమ్మకం, కానీ కెపాసిటర్ చూడకుండా ఖాయంగా చెప్పలేను.

వైరింగ్ మేస్త్రి: ముందు కెపాసిటర్. తరువాతే వైరు.