మడ మొక్కల రిపోర్టులో నాటినవి రాయాలా, బతికినవి రాయాలా?

గాడేరు గట్టు
కోరంగి పక్క పాయ ఒడ్డున కంపెనీ సీఎస్‌ఆర్ డబ్బుతో తెల్లమడ పెంచుతున్నాం. జూలై–సెప్టెంబరు రిపోర్టు ఈ నెల 15లోగా పంపాలి. ఒప్పందంలో 8,000 మీటర్ల చేపముల్లు కాలువలు, వాటి గట్ల మీద 40,000 మొక్కలు. కాలువలు పూర్తయ్యాయి, మొక్కలు 31,000 నాటాం. వరద తర్వాత 50 మీటర్ల ముక్కలు 12 తీసుకుని లెక్కబెడితే నూటికి 66 బతికున్నాయి. నాటినవి 31,000 అని రాస్తే చాలదా? ఆలస్యానికి కారణం వరద అని రాస్తే సరిపోదా?

లెక్కల పద్దు
ఒప్పందంలో 'నాటుట' అని ఉంటే నాటిన సంఖ్యే మైలురాయి. బతికిన శాతం ఏడాది చివర అడుగుతారు, అప్పుడు చెప్పుకోవచ్చు. అడగని అంకె ముందే ఇస్తే తర్వాతి విడత ఆపేస్తారు. వరద దైవికం, దానికి వేరే వివరణ అక్కర్లేదు.

మడకాలువ
పద్దు గారు చెప్పినదాంట్లో మొదటి వాక్యం వరకే నిజం. మైలురాయి దగ్గర ఒప్పందం మాట ప్రకారం 40,000కి 31,000 అనే రాయాలి, దాన్ని తగ్గించకూడదు, పెంచకూడదు. బతికినవి దాని పక్క గడిలో రావాలి. వచ్చే మూడు నెలల పనంతా చచ్చిన మొక్కల జాగాలోనే కదా జరిగేది? అవి రిపోర్టులో లేకపోతే మళ్ళీ నాటడానికి ఎందుకు డబ్బు అడుగుతున్నారో చదివేవాళ్ళకు ఎలా తెలుస్తుంది?

అయితే ఆ 66 మీద నాకు అనుమానం ఉంది. గట్టు గారూ, 12 ముక్కల్లో పాయ మూతి దగ్గరివి ఎన్ని? లోపలివి ఎన్ని? నాటడం ఏ తేదీన మొదలైంది, వరద ఏ తేదీన వచ్చింది?

అమలాపురం
మా ఊళ్ళో దాతలిచ్చిన మంచినీళ్ళ ప్లాంటుకు మూడు నెలలకోసారి నాలుగు ఫోటోలు పంపితే చాలు, ఎవరూ ఏమీ అడగలేదు. మీరెందుకింత తల బద్దలు కొట్టుకుంటున్నారు?

మడకాలువ
ప్లాంటు తిరుగుతోందో లేదో ఫోటోలో తెలుస్తుందండి. మడ మొక్క అలా కాదు. పోటు మీద తీసిన ఫోటోలో నీళ్ళే కనిపిస్తాయి. పాటు మీద, అదే గుర్తు కొయ్య దగ్గర, అదే దిక్కుకు తిరిగి తీస్తేనే జూన్ ఫోటోను అక్టోబరు ఫోటోతో పోల్చగలం.

గాడేరు గట్టు
మూతి దగ్గర 4 ముక్కలు, లోపల 8. మీటరుకు 5 మొక్కల చొప్పున ముక్కకు 250. మూతి దగ్గర 1,000లో 400 బతికాయి, లోపల 2,000లో 1,580. నాటిన కాలువ పొడవు 6,200 మీటర్లు, అందులో మూతి వైపు 1,200. జూలై 1న మొదలుపెట్టాల్సింది, నర్సరీలో మొక్క ఎదగక జూలై 23న మొదలుపెట్టాం. రోజుకు 1,000 నాటాం. ఆగస్టు 8 నుంచి 21 దాకా నీళ్ళు, పని ఆగింది. తర్వాత ఇంకో 15,000 నాటాం. మిగిలిన 1,800 మీటర్ల కాలువ ఒండ్రుతో పూడిపోయింది, అక్కడ నాటలేదు.

మడకాలువ
ఇప్పుడు దారి దొరికింది. మూతి వైపు పొడవు మొత్తంలో అయిదో వంతు కూడా లేదు, మీ లెక్కలో మాత్రం మూడో వంతు ముక్కలు అక్కడివే. అందుకే సగటు కిందికి పోయింది. విడివిడిగా కట్టండి. మూతి వైపు నాటినవి 6,000, నూటికి 40 చొప్పున 2,400. లోపల నాటినవి 25,000, నూటికి 79 చొప్పున 19,750. రెండూ కలిపితే 22,150, అంటే నూటికి 71 పైచిలుకు. 66 అని రాసి ఉంటే దాదాపు 1,700 బతికిన మొక్కల్ని మీ చేత్తో మీరే చంపినట్టయ్యేది.

శాతం సరైపోవడం కంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది: చావు ఒకే చోట ఉంది. వరద నీరు పోటుకు ఎదురై నెమ్మదించిన చోట ఒండ్రు దిగుతుంది, కాలువ మూతిలో అడ్డు పడుతుంది. దాని వెనక నీళ్ళు పాటుకు కూడా దిగవు. అడ్డు వెనక బురద నల్లగా మారి కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంటే నీళ్ళు నిలిచాయన్నట్టే. అక్కడ పూడిక తీయకుండా మళ్ళీ నాటితే అవీ పోతాయి. కాబట్టి వచ్చే ప్లానులో మొదటి పని మొక్కలు కాదు, మూతుల పూడిక. ఎన్ని మీటర్లు, ఎంతమంది కూలీలు, ఏ తేదీలోగా అన్నది అక్కడ ఉండాలి.

ఆలస్యం సంగతికొస్తే, జూలై 1నే మొదలుపెట్టి ఉంటే ఆగస్టు 7కి 38 రోజుల్లో 38,000 నాటేవారు. మీరు నాటింది 16,000. ఆ 22,000 తేడా నర్సరీది, వరదది కాదు. వరద ఖాతాలో 14 రోజులు, పూడిపోయిన 1,800 మీటర్లు రాయండి. నర్సరీ ఖాతాలో 22 రోజులు రాయండి. గోదావరికి జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద రావడం డెల్టాలో పసిపిల్లలకూ తెలుసు, కనుక 'వరద' అన్న ఒక్క మాటతో ఎవరూ ఒప్పుకోరు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మీ పని ఆగిన రోజుల్లో ఏ హెచ్చరిక నడుస్తోందో తేదీల వారీగా పెట్టండి.

లెక్కల పద్దు
విడివిడి లెక్క బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ నర్సరీ వాదన నాకు పూర్తిగా ఎక్కలేదు. ముందే 38,000 నాటి ఉంటే వరదలో ఇంకా ఎక్కువ పోయేవేమో? ఆలస్యమే కొన్నిటిని కాపాడిందని ఎందుకు అనుకోకూడదు?

మడకాలువ
మూతి వైపు అలా జరిగి ఉండొచ్చు. లోపల మాత్రం నెల రోజుల వేరు పట్టు ఉన్న మొక్క కొత్త మొక్కకంటే బాగా నిలిచేది. రెండో విడతలో వరద తర్వాత నాటినవాటిని వేరుగా లెక్కబెడితే కొంత తేలుతుంది, ఇప్పుడున్న అంకెలతో తేలదు. తేలనిదాన్ని రిపోర్టులో వాడొద్దు.

ఐ.పోలవరం చెరువు
కాలువలు తవ్వితే మా రొయ్యల చెరువుల నీళ్ళు బయటికి పోయే దారి మూసుకుపోతుందా? రిపోర్టులో అది రాస్తారా?

గాడేరు గట్టు
ఇవి పాయలోంచి మడ నేలలోకి నీళ్ళు తెచ్చే కాలువలండి, చెరువుల మురుగు కాలువలకు కలపలేదు.

లెక్కల పద్దు
డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. 9,000 మొక్కల ఖర్చు మిగిలింది, పూడిక ఖర్చు కొత్తగా వచ్చింది. మిగిలింది మార్చి 31లోగా ఖర్చవుతుందా లేదా అన్నది ఈ రిపోర్టులోనే చెప్పాలి, జనవరి దాకా ఆగొద్దు. కంపెనీ బోర్డు దీన్ని కొనసాగే ప్రాజెక్టుగా ముందే ఆమోదించి ఉంటే ఖర్చు కాని సొమ్మును ఏడాది ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాకు మార్చి, తర్వాత మూడు ఆర్థిక సంవత్సరాల్లో వాడుకోవచ్చు. ఆమోదం లేకపోతే ఆ దారి ఉండదు. ముందు అది కనుక్కోండి.

గాడేరు గట్టు
కనుక్కుంటాను. పూడిక అక్టోబరు ఆఖరులోగా, 9,000 మొక్కలు నవంబరులో అని రాస్తున్నాను.

మడకాలువ
నవంబరులో తుపాను పడితే? తేదీ ఒక్కటే కాకుండా షరతు కూడా రాయండి: మూతులు తెరిచాక రెండు పోట్లకు నీళ్ళు వచ్చి పూర్తిగా దిగిన కాలువల్లోనే నాటుతాం అని. చచ్చిన చోట నింపే మొక్కల్ని ఆ 9,000లో కలపకండి, వేరే వరస పెట్టండి. కలిపితే జనవరిలో మీ అంకె మీకే అర్థం కాదు.

లెక్కల పద్దు
నింపే మొక్కలు వేసవి ఉప్పు రాకముందే వేయాలా, వచ్చే వానల దాకా ఆగాలా?

మడకాలువ
లోపలి కాలువల్లో ఇప్పుడే వేయండి. మూతి వైపు ఆగడమే మేలని నేనంటాను, కాదనేవాళ్ళూ ఉన్నారు.