రెండు నిమిషాల డెమో: లైవ్‌గా చూపించాలా, వీడియో పెట్టేయాలా?

గిలకబావి: హ్యాకథాన్ ఫైనల్‌లో టీమ్‌కి రెండు నిమిషాలే, టైమ్ అవ్వగానే మైక్ కట్ అంట. మాది చూపు మందగించిన వాళ్ళ కోసం వెబ్ యాప్, మందుల స్ట్రిప్ మీద ఫోన్ కెమెరా పెడితే ఎక్స్‌పైరీ డేట్ చదివి పైకి చెప్తుంది. నొక్కాక జవాబు రావడానికి ఏడెనిమిది సెకన్లు పడుతోంది. టీమ్‌లో ఇద్దరు లైవ్ అంటారు, ఇద్దరు రికార్డింగ్ అంటారు. స్క్రిప్ట్ ఇంకా మొదలుపెట్టలేదు, ఏం చేయమంటారు?

సేఫ్‌గేమ్: వీడియోనే బాసూ, ఆలోచించకు. హాల్లో అందరూ ఒకే వైఫై మీద పడుంటారు, నీ టర్న్‌కి సరిగ్గా చక్రం తిరుగుతూ కూర్చుంటుంది. పెద్ద కంపెనీలే ఫేక్ చేస్తాయి, 2007లో ఐఫోన్ చూపించింది మొత్తం ఫేకే కదా.

పాతకాపు: ఫేక్ కాదండీ, లైవే. ఆ ఫోన్ అప్పటికి సరిగ్గా తయారవలేదు, అందుకని ఏ పని తర్వాత ఏ పని చేస్తే క్రాష్ అవ్వకుండా నడుస్తుందో ఇంజినీర్లు ముందే వెతికి పెట్టుకున్నారు, స్టేజ్ మీద అదే వరస తప్పకుండా చేశారు. సిగ్నల్ గీతలు మాత్రం ఎప్పుడూ ఫుల్‌గా కనపడేట్టు సెట్ చేశారు, ఆ ఒక్క దాంట్లో మీరన్నది నిజం.

గిలకబావి గారూ, మీకు అసలు తలనొప్పి ఆ ఎనిమిది సెకన్లు. బటన్ నొక్కి "ఆఁ వస్తుంది, కొంచెం స్లో" అంటూ నిలబడితే ఎంత మంచి యాప్ అయినా చచ్చినట్టు కనపడుతుంది. స్క్రిప్ట్ ఆ గ్యాప్ దగ్గర మొదలుపెట్టి రాయండి, అంటే ముందు నొక్కాలి, ఆ తర్వాత అది పని చేసుకుంటుంటే మీరు చెప్పాల్సింది చెప్పాలి. నేనైతే ఇలా రాస్తా:

మొదటి 15 సెకన్లు. టీమ్ పేరు, కాలేజీ పేరు ఏం వద్దు, స్ట్రిప్ చేతిలో పట్టుకుని "దీని మీద తేదీ ఉంది. వెండి రేకు మీద రంగు లేకుండా ఉబ్బెత్తుగా గుద్దారు, కళ్ళు బాగున్న నాకే లైట్ కింద అటూ ఇటూ తిప్పితే గానీ కనపడట్లేదు."

వెంటనే నొక్కండి. ఆ గ్యాప్‌లో మీరు అన్నిటికంటే ఎక్కువ కుస్తీ పట్టిన విషయం ఒక్కటే చెప్పండి, మీరేం చేశారో నాకు తెలీదు గానీ ఉదాహరణకి "రేకు మెరుపుకి అంకెలు మాయమైపోతున్నాయి, అందుకని ఒక ఫొటో కాకుండా స్ట్రిప్‌ని వంచుతూ మూడు తీస్తున్నాం." ఈ వాక్యం పైకి చదివితే ఏడు సెకన్లకి అటూ ఇటూగా వస్తుంది. తర్వాత నోరు మూసుకోండి, యాప్ మాట్లాడుతుంటే మీద మాట్లాడొద్దు.

రెండోసారి తేదీ ఉన్న వైపు కత్తిరించేసిన స్ట్రిప్ పెట్టండి. సగం వాడిన స్ట్రిప్ చాలా ఇళ్ళల్లో అలాగే ఉంటుంది కదా. యాప్ ఊహించి ఏదో ఒక తేదీ చెప్పకుండా "తేదీ కనపడలేదు" అంటే జడ్జిలకి నమ్మకం కుదిరేది అక్కడే, మొదటిసారి కరెక్ట్‌గా చదివినప్పుడు కాదు. ఇక మిగిలిన టైమ్‌లో ఎవరి చేత వాడించి చూశారు, ఇంకా ఏది చదవలేకపోతోంది, అంతే. మొత్తం 105 సెకన్లకి రాసుకోండి, మిగతా 15 ఎలాగూ స్టేజ్ మీద ఖర్చయిపోతాయి.

కొత్తగా_వచ్చా: వీడియో అయితే సబ్‌టైటిల్స్ మర్చిపోకండి, అప్‌లోడ్ చేసేటప్పుడు సైజ్ లిమిట్ కూడా చూసుకోండి

గిలకబావి: అది ఆన్‌లైన్ సబ్‌మిషన్‌కి అండీ, అది అయిపోయింది. ఇది స్టేజ్ మీద.

సోల్డరింగ్_సుబ్బు: మాది సెన్సర్ ప్రాజెక్ట్, స్టేజ్ మీద బజర్ మోగాలి, మోగింది కూడా, కానీ మూడో వరస దాటి ఎవరికీ వినపడలేదు, మోగలేదనుకున్నారు. మీ యాప్‌కి గొంతే ప్రాణం కదా, ఫోన్ స్పీకర్‌ని నమ్ముకోవద్దు, మైక్ తెచ్చి ఫోన్‌కి ఆనించడం కూడా రిహార్సల్ చేయండి, లేదంటే చెప్పే మాట స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లో కూడా పడేలా చేయండి.

సేఫ్‌గేమ్: స్క్రిప్ట్ బానే ఉంది, ఒప్పుకుంటా. మరి నెట్ పోతే? ఫ్రీ హోస్టింగ్‌లో సర్వర్ కాసేపు ఎవరూ రాకపోతే పడుకుంటుంది, లేవడానికి నిమిషం దాకా పడుతుంది, రెండు నిమిషాల్లో సగం అక్కడే పోయింది. ల్యాప్‌టాప్‌లో నడిపి ఫోన్‌లో ఐపీ అడ్రస్ కొడితే సరిపోతుంది అని మాత్రం అనొద్దు.

పాతకాపు: అననండీ, అది పని చేయదు కూడా. బ్రౌజర్ కెమెరా ఇచ్చేది `https` కి, లేకపోతే `localhost` కి. ఫోన్‌లో `http://192.168...` అని కొడితే పేజీ వస్తుంది గానీ కెమెరా తెరుచుకోదు. పైగా హాల్ వైఫైలో ఒక డివైస్‌కి ఇంకోటి కనపడకుండా బ్లాక్ చేసి ఉండొచ్చు. ఆండ్రాయిడ్ అయితే యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్ పెట్టి ల్యాప్‌టాప్‌లో

```
adb reverse tcp:3000 tcp:3000
```

కొట్టి (మీ పోర్ట్ వేరే అయితే అది), ఫోన్‌లో `http://localhost:3000` తెరవండి. ఫోన్‌కి వైఫై అక్కర్లేదు, కెమెరా వస్తుంది. అదే కేబుల్ మీద `scrcpy` నడిపితే ఫోన్ స్క్రీన్ ప్రొజెక్టర్ మీద పడుతుంది. అయితే అక్షరాలు చదివే పని బయట ఏదైనా ఏపీఐకి పంపుతుంటే నెట్ కావాల్సిందే, దానికి ల్యాప్‌టాప్‌కి సొంత హాట్‌స్పాట్.

రికార్డింగ్ కూడా తీసుకోండి, దాంతో నాకేం గొడవ లేదు. ఇరవై సెకన్లది, పక్క ట్యాబ్‌లో ఆపి ఉంచండి. నొక్కిన పన్నెండు సెకన్లకి రాకపోతే రెండో మనిషి ట్యాబ్ మారుస్తాడు, మాట్లాడేవాడు "నెట్ అందట్లేదు, ఇది ఇదే ఫోన్‌తో ఇందాక తీసింది" అని ముందుకెళ్ళిపోతాడు. ఈ వాక్యం కూడా స్క్రిప్ట్‌లో రాసుండాలి, లేకపోతే అందరూ చేసేదే మీరూ చేస్తారు, రీలోడ్ కొడుతూ కూర్చుంటారు.

ఝాన్సీ_కోడ్స్: ఒక డౌట్. కొన్ని టీమ్‌లు డెమోలో పెట్టే స్ట్రిప్‌కి జవాబు ముందే సేవ్ చేసి పెట్టుకుంటాయి, వెంటనే వస్తుంది, లైవ్ లాగే ఉంటుంది. నా దృష్టిలో అది మోసం. దానికి మందు, ఐదు స్ట్రిప్పులు ఇచ్చి జడ్జినే ఒకటి తీయమనాలి.

సేఫ్‌గేమ్: మోసం ఏంటండీ, డెమో అంటే ఐడియా చూపించడం. జడ్జిలకి ఆ సంగతి తెలుసు.

పాతకాపు: సేవ్ చేసిన జవాబు అయితే అలా అని చెప్పేయాలి, చెప్పకపోతే నేను ఝాన్సీ గారి వైపే. కానీ జడ్జి చేత తీయించడం మాత్రం రెండు నిమిషాల్లో వద్దు, కిందకి దిగి వెళ్ళి రావడానికే పది సెకన్లు పోతాయి, వాళ్ళు అడిగే ప్రశ్నల టైమ్‌కి ఉంచుకోండి.

ఝాన్సీ_కోడ్స్: పది సెకన్లు పోతే పోనీయండి. హాల్ మొత్తం గుర్తుపెట్టుకునేది ఆ ముక్కే, ప్రశ్నల టైమ్‌కి సగం మంది ఫోన్లలో ఉంటారు.

గిలకబావి: కేబుల్ ట్రిక్ పని చేసింది, కెమెరా వచ్చింది. కత్తిరించిన స్ట్రిప్ పెడితే మాత్రం బ్యాచ్ నంబర్‌ని తేదీ అనుకుని చదివేస్తోంది, ముందు అది సరి చేయాలి. లైవ్ అని ఫిక్స్ అయ్యాం, రికార్డింగ్ పక్క ట్యాబ్‌లో. జడ్జి చేత తీయించే దాని మీద టీమ్‌లో మళ్ళీ ఇద్దరు అటు, ఇద్దరు ఇటు.