రెండు గ్రూపులు, రెండు పి విలువలు: డిస్కషన్‌లో “రాగుల వల్ల షుగర్ తగ్గింది” అని రాయవచ్చా?

పోషకాహార విద్యార్థిని, తిరుపతి

నా ఎమ్మెస్సీ థీసిస్ కోసం మధుమేహం ఉన్న 60 మందిని చీటీలు తీసి రెండు గ్రూపులుగా విడదీశాను. 30 మంది 12 వారాల పాటు రాత్రి అన్నానికి బదులు రాగి సంగటి తిన్నారు, తక్కిన 30 మంది అన్నమే తిన్నారు. ఆహార సలహాలు అందరికీ ఒకటే. పరగడుపు షుగర్ రాగి గ్రూపులో సగటున 14 పాయింట్లు తగ్గింది, పి విలువ 0.016. అన్నం గ్రూపులో 8 పాయింట్లు తగ్గింది, పి విలువ 0.155. “రాగి ఆహారం షుగర్‌ను గణనీయంగా తగ్గించింది, అన్నం తగ్గించలేదు” అని డిస్కషన్‌లో రాశాను. గైడ్ మేడమ్ సరేనన్నారు. డిపార్ట్‌మెంట్ సమీక్షలో ఒక సార్ మాత్రం ఇది ఫలితాలను మించిన మాట అన్నారు, కారణం చెప్పలేదు. నిజంగా మించిందా?

చిత్తూరు లెక్చరర్

నా దృష్టిలో మించలేదమ్మా. ఒక గ్రూపులో పి విలువ 0.05 కన్నా తక్కువ, రెండో దానిలో ఎక్కువ. మీ పట్టికలో ఉన్నదే మీరు మాటల్లో రాశారు. సమీక్షలో అన్నవారికి “తగ్గించింది” అన్న గట్టి క్రియ నచ్చి ఉండదు. దాన్ని “తగ్గించే అవకాశం ఉంది” అని మారిస్తే అభ్యంతరం పోతుంది. మా విద్యార్థులకు నేను చెప్పేది కూడా ఇదే: డిస్కషన్‌లో ప్రతి వాక్యాన్నీ ఒక మెట్టు దించి రాయండి.

గణాంకాల మాస్టారు, రేణిగుంట

లెక్చరర్ గారితో నేను ఏకీభవించలేను. తప్పు క్రియ తీవ్రతలో ఉంటే మెట్టు దించడం సరిపోయేది. ఇక్కడ మీరు వాక్యంలో వేసిన ప్రశ్న ఒకటి, పట్టికలో జవాబు దొరికిన ప్రశ్న మరొకటి. మీ వాక్యం రాగినీ అన్నాన్నీ పోలుస్తోంది, మీ పట్టిక మాత్రం ఆ రెంటినీ ఎక్కడా పోల్చలేదు. రాగి గ్రూపును దాని పాత విలువతోనూ, అన్నం గ్రూపును దాని పాత విలువతోనూ విడివిడిగా పోల్చి ఊరుకుంది. చీటీలు తీసి కంట్రోల్ గ్రూపును పెట్టుకున్న శ్రమంతా ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడడానికే కదా, ఆ చూపు ఒక్కటే థీసిస్‌లో లేదు.

మీ దగ్గరున్న అంకెలతోనే దాన్ని చేసి చూద్దాం. ముడి డేటా కూడా అవసరం లేదు. సగటు మార్పు, మనుషుల సంఖ్య, పెయిర్డ్ టీ టెస్టు పి విలువ తెలిస్తే స్టాండర్డ్ ఎర్రర్‌ను వెనక్కి లాగవచ్చు. స్ప్రెడ్‌షీట్‌లో ఇలా వేయండి:

```
=14/T.INV.2T(0.016,29)
=8/T.INV.2T(0.155,29)
```

రెండూ దాదాపు 5.5 వస్తాయి. అంటే రెండు గ్రూపుల్లోనూ చెదురు ఒకటే. 30 మందితో, ఇంత చెదురుతో, సగటు తగ్గుదల సుమారు 11 పాయింట్లు దాటితేనే పి విలువ 0.05 కిందికి దిగుతుంది. రాగి గ్రూపు 14తో ఆ గీతకు కాస్త అవతల పడింది, అన్నం గ్రూపు 8తో కాస్త ఇవతల ఆగిపోయింది. గీతకు చెరో పక్కన పడినంత మాత్రాన ఆ రెండింటి మధ్య దూరం పెద్దదైపోదు.

ఇప్పుడు ఆ దూరాన్నే కొలుద్దాం. తేడా 14 నుంచి 8 తీసేస్తే 6 పాయింట్లు. ఆ తేడాకు స్టాండర్డ్ ఎర్రర్ రెండు ఎర్రర్ల వర్గాలను కలిపి వర్గమూలం తీస్తే వస్తుంది, సుమారు 7.75. ఆరును దానితో భాగిస్తే 0.77.

```
=T.DIST.2T(0.77,58)
```

దీనికి 0.44 వస్తుంది. “రాగి తగ్గించింది, అన్నం తగ్గించలేదు” అన్న వాక్యానికి మీ డేటా ఇచ్చే మద్దతు ఇంతే.

ఇది పెద్దపెద్దవారు కూడా చేసే పొరపాటే. 2011లో నేచర్ న్యూరోసైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశీలనలో, ఇలాంటి పోలిక అవసరమైన 157 వ్యాసాలను చూస్తే 79 వ్యాసాలు సరిగ్గా మీలాగే రెండు పి విలువలను పక్కపక్కన పెట్టి తేడా ఉందని చెప్పేశాయి. మీ గైడ్ మేడమ్ సరేనన్నారంటే ఆశ్చర్యం లేదు.

పలమనేరు రైతుబిడ్డ

క్షమించండి, నాకు ఈ లెక్కలు తెలియవు. మా నాన్నగారికి పరగడుపు షుగర్ 210 ఉండేది. రెండు పూటలా సంగటి మొదలుపెట్టిన మూడు నెలలకు 150కి వచ్చింది, డాక్టరు గారే మెచ్చుకున్నారు. మా వైపు తరతరాలుగా తింటున్నదాన్ని పట్టుకుని పని చేయదని ఎలా అంటారు?

గణాంకాల మాస్టారు, రేణిగుంట

అన్నా, రాగి పని చేయదని ఇక్కడ ఎవరూ అనలేదు. ఈ ఒక్క థీసిస్ డేటాతో ఏ మాట చెప్పవచ్చన్నదే చర్చ. అయినా మీ అనుభవం మంచి చోట వేలు పెట్టింది. ఆ మూడు నెలల్లో నాన్నగారి మందు మోతాదు మారిందా, నడక మొదలుపెట్టారా, ఆ 210 ఒకే ఒక్కసారి చేసిన పరీక్షా అని ముందు అడగాలి. షుగర్ బాగా ఎక్కువగా ఉన్న రోజు చూసి మొదలుపెడితే, ఏమీ చేయకపోయినా తరువాతి పరీక్షలో కొంత కిందికి రావడం సహజం.

అమ్మా, మీరు కూడా ఒక్క పరీక్షలో 140 దాటినవారినే చేర్చుకుని ఉంటే అదే జరుగుతుంది. అన్నం గ్రూపు 8 పాయింట్లు తగ్గిందంటే అందులో ఈ సహజమైన దిగుడు, మీరిచ్చిన సలహాలు, మిమ్మల్ని చూసి వచ్చిన జాగ్రత్త అన్నీ కలిసి ఉండవచ్చు. అవన్నీ రాగి గ్రూపుకూ వర్తిస్తాయి. కాబట్టి 14ను మొత్తంగా రాగి ఖాతాలో వేయడం కుదరదు. రాగికి చెందగలిగింది ఆ 6 మాత్రమే, దాని మీదే ఇంత అనిశ్చితి ఉంది.

పరిశోధక విద్యార్థి, చంద్రగిరి

మాస్టారి లెక్క స్పష్టంగా ఉంది. అలాంటప్పుడు నిజాయితీగా “రాగి ఆహారానికి అన్నం కన్నా అదనపు ప్రభావం లేదు” అని తేల్చి రాయాలి కదా. పి విలువ 0.44 అంటే తేడా లేనట్టే.

గణాంకాల మాస్టారు, రేణిగుంట

అది కూడా ఫలితాలను మించిన మాటే నాయనా, అవతలి దిక్కుకు మించింది. 6 పాయింట్ల తేడా చుట్టూ 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ వేసి చూడు. ఒక కొస రాగి వైపు 21 పాయింట్ల పైన ఎక్కువ తగ్గుదల, మరో కొస అన్నం వైపే 9 పాయింట్ల పైన ఎక్కువ తగ్గుదల. 20 పాయింట్ల లాభమంటే ఏ రోగికైనా విలువైనదే, ఈ డేటా దాన్ని తోసిపుచ్చలేదు. లాభమే లేదన్న సంగతినీ తోసిపుచ్చలేదు. “తేడా లేదు” అనాలంటే ఈ ఇంటర్వెల్ మొత్తం లెక్కలోకి రానంత చిన్న తేడాల మధ్య ఇమడాలి.

నిజంగా 6 పాయింట్ల తేడా ఉందనుకున్నా, ఇంత చెదురుతో దాన్ని 80 శాతం అవకాశంతో పట్టుకోవాలంటే గ్రూపుకు దాదాపు 390 మంది కావాలి. పీజీ విద్యార్థినికి ఇచ్చిన గడువులో అంతమందిని తేవడం సాధ్యం కాదు. 30 మందితో చేయడం తప్పు కాదు, కానీ 30 మంది చెప్పగలిగినంతే వారి చేత చెప్పించాలి.

చిత్తూరు లెక్చరర్

నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. “అవకాశం ఉంది” అని మార్చినా వాక్యం రెండు గ్రూపుల మధ్య తేడా ఉందనే చెబుతోందన్నది నేను గమనించలేదు. అయితే ఒక్క విషయంలో నా మాట నిలబెట్టుకుంటాను. రాగిలో పీచు ఎక్కువనీ, పాలీఫినాల్స్ పిండిపదార్థం జీర్ణమయ్యే వేగాన్ని తగ్గించవచ్చనీ డిస్కషన్‌లో రాయడం అవసరం. కారణం గురించి ఆలోచించని డిస్కషన్ పట్టికకు నకలుగా మిగిలిపోతుంది.

మాజీ ఎగ్జామినర్, తిరుపతి

నేను కొన్నేళ్లు థీసిస్‌లు దిద్దాను. లెక్చరర్ గారన్న పేరాయే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది. “ఈ తగ్గుదలకు రాగిలోని పీచు కారణం” అని రాసిన మరుక్షణం, ఇంకా రుజువు కాని ప్రభావం రుజువైనట్టు చదివేవారి మనసులో కుదురుకుంటుంది. ఎందుకు జరిగిందో వివరించే వాక్యం, జరిగిందన్న సంగతిని చాటుగా ఒప్పించేస్తుంది. ఇక్కడ విద్యార్థిని పీచును కొలవలేదు, భోజనం తరువాతి షుగర్‌నూ కొలవలేదు. ఆ పేరా ఉండాలనుకుంటే “ప్రభావం ఉన్నట్టు పెద్ద అధ్యయనాల్లో తేలితే, వెతకవలసిన కారణాల్లో ఇది ఒకటి” అన్న చోటికి దాన్ని తీసుకెళ్లాలి.

నేను వాడే పద్ధతి ఒకటుంది. డిస్కషన్‌లో ఒక్కొక్క వాక్యం కింద గీత గీసి, దానికి మద్దతిచ్చే పట్టిక సంఖ్యను అంచున రాస్తాను. అంచు ఖాళీగా మిగిలిన వాక్యం ఇతరుల పరిశోధన నుంచి వచ్చినదా, ఊహా, లేక ఫలితం వేషం వేసుకున్న ఊహా అని అప్పుడు అడుగుతాను. మీ వాక్యానికి రెండు పట్టికల సంఖ్యలు పడతాయి కానీ రెంటినీ కలిపే పట్టిక దొరకదు.

పోషకాహార విద్యార్థిని, తిరుపతి

అందరికీ కృతజ్ఞతలు. నేను ముడి డేటాతో మళ్లీ చేసి చూశాను, 6 పాయింట్ల తేడా, పి విలువ 0.44 సరిగ్గా వచ్చాయి. ఒక సందేహం మిగిలింది. ప్రారంభ విలువను కూడా లెక్కలోకి తీసుకుని చివరి షుగర్‌ను రెండు గ్రూపుల మధ్య పోలిస్తే ఇంటర్వెల్ కాస్త ఇరుకవుతుందని ఒక స్నేహితురాలు చెప్పింది. అది చేయవచ్చా?

గణాంకాల మాస్టారు, రేణిగుంట

చేయవచ్చు, నిజానికి మొదటి నుంచీ చేయవలసిన విశ్లేషణ అదే. ప్రారంభ షుగర్‌కూ చివరి షుగర్‌కూ సంబంధం ఉంటుంది కాబట్టి ఆ చెదురులో కొంత తీసివేయబడుతుంది. ఫలితం ఎటు వచ్చినా రాయండి.

మాజీ ఎగ్జామినర్, తిరుపతి

నేను ఒప్పుకోను. సినాప్సిస్‌లో లేని విశ్లేషణ, ఫలితం చూసిన తరువాత తెచ్చినది. పి విలువ 0.04 వచ్చిందనుకోండి, దాన్ని నేను ఎలా నమ్మాలి? చేసినా, తరువాత చేర్చినదని అదే వాక్యంలో చెప్పాలి, ముగింపు దాని మీద నిలబడకూడదు.

గణాంకాల మాస్టారు, రేణిగుంట

తరువాత చేర్చినదని చెప్పాలన్నది నిజం. ముగింపు దాని మీద అసలు నిలబడకూడదన్నదానికి మాత్రం ఒప్పుకోను. సినాప్సిస్‌లో ఉన్నది తప్పు విశ్లేషణ అయినప్పుడు దానికే కట్టుబడి ఉండమనడం ఎలా? ఇందులో మనిద్దరం కలవమేమో.

పోషకాహార విద్యార్థిని, తిరుపతి

ప్రస్తుతానికి ఇలా రాశాను: “రెండు గ్రూపుల్లోనూ పరగడుపు షుగర్ తగ్గింది. రాగి గ్రూపులో సగటు తగ్గుదల 6 పాయింట్లు ఎక్కువ, కానీ ఈ తేడా 95 శాతం ఇంటర్వెల్ మైనస్ 9.5 నుంచి ప్లస్ 21.5 వరకు ఉన్నందున, రాగి ఆహారానికి అదనపు ప్రయోజనం ఉందనీ లేదనీ ఈ అధ్యయనం తేల్చలేదు.” పీచు పేరాను ఎగ్జామినర్ సార్ చెప్పిన చోటికి మార్చాను.

గైడ్ మేడమ్ దీనికి ఒప్పుకున్నారు. అబ్‌స్ట్రాక్ట్ చివరి వాక్యం మాత్రం “రాగి ఆహారం మధుమేహులకు మేలు చేస్తుంది” అన్నట్టే ఉంచమన్నారు. అబ్‌స్ట్రాక్ట్ ఎవరూ అంత పట్టించి చూడరని ఆమె అభిప్రాయం.

మాజీ ఎగ్జామినర్, తిరుపతి

ఎక్కువమంది చదివేది అబ్‌స్ట్రాక్టే. ప్రధాన ఫలితంలో గణనీయమైన తేడా రాని 72 క్లినికల్ ట్రయల్స్‌ను పరిశీలించిన వ్యాసం ఒకటి 2010లో జామా పత్రికలో వచ్చింది. వాటిలో సగానికి పైగా వ్యాసాల అబ్‌స్ట్రాక్ట్ ముగింపులోనే ఫలితాన్ని అనుకూలంగా వంచి చెప్పినట్టు తేలింది. లోపల సరిదిద్దుకుని బయటి గుమ్మం మీద పాత మాటే ఉంచితే, మీ థీసిస్‌ను చూసే తరువాతి విద్యార్థిని దాన్నే ఎత్తి రాస్తుంది. మేడమ్‌తో మాట్లాడేటప్పుడు పై రెండు పట్టికలనూ, తేడా ఇంటర్వెల్‌నూ ఒకే కాగితం మీద వేసి తీసుకెళ్లండి.

పోషకాహార విద్యార్థిని, తిరుపతి

సోమవారం ఆ కాగితంతో వెళ్తున్నాను సార్. ఏమన్నారో ఇక్కడే రాస్తాను.