నిద్రలో కేకలు: బాబుని ముందే లేపడానికి టైము ఎలా లెక్కేసుకోవాలి?

మా బాబుకి 4 ఏళ్లు. నెల రోజులుగా వారానికి మూడు నాలుగు రాత్రులు, నిద్రపోయిన గంటన్నరకి ఒక్కసారిగా కేకపెట్టి లేచి కూర్చుంటున్నాడు. కళ్లు తెరిచే ఉంటాయి, ఒళ్లంతా చెమట, కానీ నన్ను గుర్తుపట్టడు. 10 నిమిషాలకి తనే పడుకుంటాడు. పొద్దున్న ఏమీ గుర్తుండదు.

పీడకల వస్తే ఇలా ఉండదు. అది తెల్లవారుజామున వస్తుంది, పూర్తిగా మేలుకుని "కుక్క తరిమింది" అని నన్ను కరుచుకుంటాడు. దగ్గరికి తీసుకుంటే సరిపోతుంది.

మొదట్లో కేకలప్పుడూ అలాగే ఎత్తుకుని లేపబోయాను. ఇంకా గింజుకున్నాడు, ఒకసారైతే 25 నిమిషాలు. ఇప్పుడు మంచం మీంచి పడకుండా పక్కన కూర్చుంటున్నానంతే (ఊరికే చూస్తూ ఉండటం ఎంత కష్టమో!). పడుకునే టైము 9 నుంచి 8:30కి మార్చాక కాస్త తగ్గింది.

డాక్టర్ చెప్పినట్టు, కేకలు వచ్చే టైముకి పావుగంట ముందు మెల్లగా కదిలించి లేపుతున్నాను. వారమైంది. చిక్కేమిటంటే ఒకరోజు 9:45కి, ఇంకోరోజు 10:40కి వస్తున్నాయి. రెండుసార్లు నేను లేపిన గంటకి మళ్లీ వచ్చాయి.

ఇలా టైము మారే పిల్లల్ని మీరు ఎప్పుడు లేపారు: అన్నిటికంటే తొందరగా వచ్చిన రోజు టైముని బట్టా, లేక ఆ రాత్రి నిద్రపట్టిన నిమిషం నుంచి లెక్కేసా?