కావలి అమ్మాయి, విశాఖ సీటు: ఆప్షన్లలో ఏది ముందు?

కావలి నాన్న
పాపకు ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. నెల్లూరు కాలేజీ అయితే పొద్దున రైలెక్కి సాయంత్రానికి ఇంటికొస్తుంది. తనేమో విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ అంటోంది. రెండు రోజులుగా మా మధ్య మాటల్లేవు, రాత్రి అన్నం కూడా తినలేదు. పది దాకా కావలిలోనే చదివింది, ఇంటర్ ఒంగోలు. అంత దూరం ఆడపిల్లను పంపినవాళ్లు హాస్టల్ సంగతి చెప్పండి.

సింగరాయకొండ వాసు
ఇంటర్ ఒంగోలైతే ఏయూ లోకల్ అన్నా. సీటు ఖాయం. రైలు టికెట్లు చూసుకో.

శారద
వాసు గారూ, తెలియకుండా ఖాయం అనకండి. పదేళ్లు హెల్ప్‌లైన్ సెంటర్‌లో సర్టిఫికెట్లు చూశాను. చివరి నాలుగేళ్లు వరసగా ఒకే ప్రాంతంలో చదివితేనే అక్కడ నేరుగా లోకల్. ఈ పాప తొమ్మిది, పది కావలిలో, ఇంటర్ ఒంగోలులో చదివింది. అప్పుడు ఏడేళ్లు లెక్కేస్తారు: కావలి అయిదు, ఒంగోలు రెండు. నెల్లూరు జిల్లా తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ, అంటే ఎస్వీయూ ప్రాంతం కిందికి వస్తుంది, కాబట్టి తను ఎస్వీయూ లోకల్. విశాఖలో 85 శాతం సీట్లు అక్కడి లోకల్ వాళ్లవి. మిగతా 15 శాతంలోనే తనకు చోటు, అందులోనూ లోకల్ పిల్లలు పోటీకి వస్తారు. నిరుడు అక్కడ సీటొచ్చిన ఆఖరి ర్యాంకు లోకల్ సీటుది అయ్యుండొచ్చు, దాన్ని నమ్ముకోవద్దు.

కందుకూరు రైతు
మమ్మల్ని 2022లో నెల్లూరు జిల్లాలో కలిపారు. అయితే మేమూ ఎస్వీయూనే!

శారద
కాదు. ఈ లెక్క 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులది. అప్పటి ప్రకాశం జిల్లా ఏయూలో ఉంది, మీదీ అంతే.

కందుకూరు రైతు
ఆధార్‌లో నెల్లూరు అని ఉంటే మీరు కాదంటారేంటి?

శారద
ఆధార్ కాదండీ, స్టడీ సర్టిఫికెట్లు చూస్తారు. ఎన్నిసార్లు చెప్పాలి!

ఉలవపాడు అమ్మ
గొడవలు ఆపండి. మా అమ్మాయిని హైదరాబాద్ పంపాను. మొదటి నెల రోజూ ఫోన్లో ఏడ్చేది. దసరాకి వచ్చి, సెలవులు అయిపోకముందే వెళ్లిపోతానంది. అప్పుడు ఏడ్చింది నేను.

కావలి నాన్న
శారదమ్మా, ఒంగోలులో చేర్పించింది నేనే. ఇది చదివి పాప చాలాసేపు మాట్లాడలేదు. రాకపోయినా సరే, విశాఖ మొదట పెడతానంది. దానివల్ల నెల్లూరు పోతుందా?

శారద
పోదు. పైది రాకపోతే కిందిది చూస్తారు. వస్తే మాత్రం నెల్లూరు ఇవ్వరు. రెండో విడతలో పై సీటు వచ్చినా మొదటిది రద్దవుతుంది. వస్తే పంపగలరా, అది తేల్చుకోండి.

కావలి నాన్న
పంపుతానని చెప్పాను. విశాఖ ఒకటి, నెల్లూరు రెండు. తనే పెట్టింది, నేను పక్కన కూర్చున్నాను.

కందుకూరు రైతు
మావాడు ఎనిమిది, తొమ్మిది హైదరాబాద్‌లో చదివాడు. వాడి సంగతి ఎవరూ చెప్పలేదు.