అద్దం ఉన్న ఉత్తరాల పెట్టె

శ్రావణి: నల్లకుంటలో మేం కొందరం నార్వే రచయిత ఇబ్సెన్ నాటకం ‘ఎ డాల్స్ హౌస్’ (1879) రిహార్సల్ చేస్తున్నాం. నాటకమంతా ఒకే హాల్లో జరుగుతుంది. గుమ్మం దగ్గర నడవలో తాళం వేసిన ఉత్తరాల పెట్టె ఉండాలట, దానికి లోపలిది కనిపించేలా అద్దం కూడా. అంత పట్టింపు దేనికి? పనిమనిషి ఉత్తరం తెచ్చి చేతికిస్తే చాలదా?

రమేశ్: మా కాలనీలో అలాగే వేశారు. స్టేజి చిన్నదని డైరెక్టర్ గారు పెట్టె తీయించేశారు. రెండో అంకంలో జనం ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు.

లక్ష్మి: చివర్లో కింద తలుపు మూసుకునే చప్పుడు గురించేనా అడిగేది? అది మాత్రం తీయకండి.

వేణుగోపాల్: లక్ష్మిగారూ, ఆమె అడిగింది పెట్టె గురించండి. శ్రావణీ, అది తీసేస్తే రెండో అంకం నిలబడదమ్మా. కథానాయిక నోరా చేసిన ఫోర్జరీ సంగతి ఆమె భర్తకి రాసిన ఉత్తరాన్ని, ఆమెకు అప్పిచ్చిన క్రోగ్‌స్టాడ్ అందులో పడేసి మెట్లు దిగిపోతాడు. చేతికే ఇచ్చి ఉంటే ఆవిడ చించేసేది. ఇప్పుడు అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది, తాళంచెవి మాత్రం భర్త హెల్మర్ దగ్గరే. ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో ఇంకెవరూ నోరు విప్పి చెప్పక్కర్లేదు. హెల్మర్ పెట్టె వైపు నడవబోతే నోరా పియానో మీద టరాంటెల్లా అనే ఇటలీ డాన్సు బాణీ ఎత్తుకుంటుంది, ఆయన ఆగిపోతాడు. ఆ డాన్సు రిహార్సలంతా ఆయన్ని పెట్టె దగ్గరికి పోనివ్వకుండా ఆపడానికే. అందుకే అంత పిచ్చిగా ఆడుతుంది. మూడో అంకంలో హెల్మర్ పెట్టె తీయబోతే తాళంలో విరిగిన హెయిర్‌పిన్ దొరుకుతుంది. పిల్లల పనేమో అంటుంది నోరా. తాళం తీయాలని చూసిన సీను మనకు ఎక్కడా చూపించలేదు, ఆ పిన్నే చెప్పేసింది. నాకు నాటకం మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు అదే.

సందీప్: ఈ రోజుల్లో ఉత్తరాలెక్కడివండీ? భర్త మొబైల్ టీపాయ్ మీద పెట్టండి. లాక్ ఉంటుంది, తాళం కూడా కలిసొచ్చింది.

వేణుగోపాల్: తాళం వరకు బాగానే ఉంది సందీప్. కానీ ఫోన్ మోగగానే ఆయన చేతిలోకి పోతుంది. ఉత్తరం అయితే ఆయన లేచి వెళ్ళేదాకా అక్కడే ఉంటుంది. టెన్షన్ అంతా ఆ ఎదురుచూపులోనే ఉంది.

సందీప్: సైలెంట్‌లో పెడితే?

వేణుగోపాల్: అప్పుడు మెసేజ్ వచ్చిందని హాల్లో వెనక వరుసవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

శ్రావణి: పెట్టెకీ అదే ఇబ్బంది కదండీ. నడవ తలుపు వేస్తే ఎవరికీ కనిపించదు.

వేణుగోపాల్: తలుపు తీసినప్పుడు కనిపిస్తే చాలమ్మా. ఎప్పుడూ కళ్ళముందే ఉంటే దాన్ని చూడటం మానేస్తారు. రెండు పక్కల చివరి కుర్చీల్లో మనుషుల్ని కూర్చోబెట్టి, తలుపు తీసి అడగండి. ఒక పక్కవాళ్ళకి కనపడకపోతే పెట్టెను నడవ వెనక గోడకి మార్చండి.

శ్రావణి: ఇంకో చిక్కు. మా కథని హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌కి మార్చాలనుకున్నాం. ఇక్కడ పెట్టెలన్నీ కింద వాచ్‌మన్ దగ్గరే కదా.

వేణుగోపాల్: అలా మార్చేటట్లయితే సందీప్ చెప్పినదాన్ని ఇంకోసారి ఆలోచించాల్సిందే. నాకైతే కథని నార్వేలోనే ఉంచాలనిపిస్తోంది.

సందీప్: నేను ఒప్పుకోనండి. సైలెంట్‌లో ఉన్న ఫోన్ స్క్రీన్ వెలిగితే చీకట్లో వెనక వరుసకీ కనిపిస్తుంది.